ప్యాడ్ లేవకుండా కెపాసిటర్ ఊడదీయడం

ఎల్‌ఈడీ టీవీకి స్విచ్ వేస్తే ఎర్ర లైటు వెలుగుతుంది, బొమ్మ మాత్రం రాదు. ఒక్కోసారి ఆ లైటే ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. వెనక మూత విప్పి పవర్ బోర్డు చూస్తే కారణం చాలాసార్లు కంటికే కనబడుతుంది. డబ్బా ఆకారంలో నిలబడి ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లలో ఒకదాని తల చదునుగా లేకుండా పైకి ఉబ్బి ఉంటుంది. పాత మెకానిక్‌లు దీన్నే కండెన్సర్ ఉబ్బింది అంటారు. దాని ఒంటి మీద 1000 మైక్రోఫారడ్, 25 వోల్టులు అని రాసి ఉందనుకుందాం. అలాంటిదే కొత్తది హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో గానీ, ఏ ఊళ్లోనైనా ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణంలో గానీ కొద్ది రూపాయలకే దొరుకుతుంది. పాతది తీసి కొత్తది పెట్టడమే పని. పెట్టడం సులువు. బోర్డులు పాడయ్యేది తీసేటప్పుడే.

పాడవడం అంటే ప్యాడ్ లేచిపోవడం. బోర్డు అడుగున కెపాసిటర్ కాలు బయటకు వచ్చే రంధ్రం చుట్టూ గుండ్రటి రాగి బిళ్ల ఒకటి ఉంటుంది. అదే ప్యాడ్. దాని నుంచి సన్నని రాగి దారి, అంటే ట్రాక్, మిగతా సర్క్యూట్‌లోకి పోతుంది. కాలిని ప్యాడ్‌కు పట్టి ఉంచేది సోల్డర్. సోల్డర్ తీస్తున్నప్పుడు ఆ రాగి బిళ్ల కూడా బోర్డు నుంచి ఊడి వచ్చిందంటే కొత్త కెపాసిటర్‌ను అతికించడానికి చోటే ఉండదు. చవకైన భాగం మార్చబోయి వేల రూపాయల బోర్డును పారేయాల్సి రావడం ఇలాగే జరుగుతుంది.

ప్యాడ్ ఎందుకు లేస్తుందో తెలిస్తే చేతులు ఎలా మెలగాలో వాటంతట అవే నేర్చుకుంటాయి. టీవీ పవర్ బోర్డుల్లో చాలావరకు ఒక వైపే రాగి ఉన్న బోర్డులు. కాగితం పొరలను రెసిన్‌తో గట్టిపరచి చేసిన గోధుమరంగు పలకల మీద రాగి రేకును అతికించి, అక్కర్లేని చోట కరిగించేస్తారు. మిగిలిందే ట్రాకులు, ప్యాడ్‌లు. ఆ రేకు మందం సాధారణంగా 35 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు కన్నా కాస్త ఎక్కువ. దాన్ని పలకకు పట్టి ఉంచేది ఆ అతుకు ఒక్కటే. ఇక వేడి సంగతి చూద్దాం. సాధారణ బోర్డుల్లోని రెసిన్ 130, 140 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది. తగరం, సీసం కలిసిన పాతరకం సోల్డర్ కరగడానికి 183 డిగ్రీలు కావాలి. సీసం లేని సోల్డర్‌కు రకాన్ని బట్టి 217 నుంచి 227 డిగ్రీల దాకా కావాలి.

ఈ అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. సోల్డర్ కరిగే సమయానికి ప్యాడ్ కింద ఉన్న అతుకు అప్పటికే బలహీనపడి ఉంటుంది. జాగ్రత్తగా చేస్తే అతుకు మెత్తబడకుండా సోల్డర్ ఒక్కటే కరుగుతుందనుకోవడం పొరపాటు, అలాంటి దారి లేదు. మన చేతిలో ఉన్నవి రెండే. ఆ బలహీన స్థితి ఎన్ని సెకన్లు సాగాలన్నది ఒకటి, ఆ సెకన్లలో ప్యాడ్ మీద ఎంత బలం పడాలన్నది మరొకటి. బోర్డు చల్లారితే అతుకు చాలావరకు మళ్లీ గట్టిపడుతుంది. వేడిగా ఉన్నప్పుడు నొక్కినా, గీకినా, కాలిని లాగినా ఆ బలమంతా రాగి రేకు మీదే పడి అది లేచిపోతుంది. ప్యాడ్ కాలిపోయిందని జనం అంటుంటారు గానీ, నేను చూసినంతవరకు వేడి ఒక్కదానివల్లే పోయిన ప్యాడ్‌లు తక్కువ. వేడిగా ఉండగా ఎవరో తొందరపడి లాగినందువల్ల పోయినవే ఎక్కువ.

అందుకే ఐరన్ వేడి తగ్గించుకుంటే బోర్డుకు మేలన్న నమ్మకం తిరగబడుతుంది. చల్లగా ఉన్న ఐరన్‌తో సోల్డర్ పది, పదిహేను సెకన్లకు గానీ కరగదు. అంతసేపూ వేడి చుట్టూ పాకి అతుకును మెత్తబరుస్తూనే ఉంటుంది. సోల్డర్ కరగడం లేదన్న విసుగుతో చెయ్యి దానంతట అదే గట్టిగా నొక్కుతుంది. తగినంత వేడి ఉన్న బిట్‌తో రెండు మూడు సెకన్లలో పని ముగించి చెయ్యి తీసేయడమే ప్యాడ్‌కు క్షేమం. వేడి మార్చుకునే స్టేషన్ ఉంటే సీసం ఉన్న సోల్డర్‌కు 330 డిగ్రీల దగ్గర, సీసం లేనిదానికి 350 నుంచి 370 డిగ్రీల మధ్య పెట్టుకోవచ్చు. సూదిలా మొన తేలిన బిట్ వద్దు. దాని కొన ప్యాడ్‌ను తాకేది చాలా కొంచెం, కాబట్టి వేడి దిగడానికి ఆలస్యమవుతుంది. ఉలిలా చదునుగా ఉండి, వెడల్పులో ప్యాడ్‌కు సరిపోయే బిట్ మంచిది. బిట్ కొస నల్లగా ఉంటే ఎంత వేడున్నా సోల్డర్‌కు అందదు. తడి స్పాంజి మీద తుడిచి, కొంచెం సోల్డర్ పూసి, మెరుస్తున్న కొసతోనే పని మొదలుపెట్టాలి.

ఐరన్ పట్టుకునే ముందు ప్రాణానికి సంబంధించిన మాట ఒకటి. పవర్ బోర్డులో కరెంటు లోపలికి వచ్చే వైపు ఒక పెద్ద కెపాసిటర్ ఉంటుంది. దాని మీద 400 లేదా 450 వోల్టులు అని రాసి ఉంటుంది. ఇంట్లోని 230 వోల్టుల కరెంటును డీసీగా మార్చాక దాని మీద నిలిచేది దాదాపు 325 వోల్టులు. కొన్ని టీవీల్లో ఇంకా ఎక్కువే. ప్లగ్ పీకేసినా ఆ చార్జ్ కొంతసేపు అందులోనే ఉండొచ్చు. మల్టీమీటర్‌ను డీసీ 600 వోల్టుల రేంజిలో లేదా అంతకు పైన పెట్టి దాని కాళ్ల మధ్య కొలవండి. వోల్టేజి కనిపిస్తే ఇన్సులేషన్ ఉన్న తీగలకు కట్టిన రెండు కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌ను కాసేపు ఆనించి, మళ్లీ కొలిచి, సున్నాకు దగ్గరగా వచ్చాకే బోర్డు మీద చెయ్యి వేయండి. స్క్రూడ్రైవర్ పెట్టి చిటపటలాడించే అలవాటు కొందరికి ఉంది. అది ప్రమాదం, దానివల్ల బోర్డుకూ దెబ్బే. ఈ కొలత తీయడం రానివాళ్లు ఈ దశను తెలిసిన మనిషికి వదిలేయడమే మంచిది.

ఇక కెపాసిటర్ దగ్గరకు వద్దాం. ముందుగా ఒక ఫోటో తీసుకోండి. డబ్బా మీద నిలువుగా ఉన్న చార వైపు కాలు నెగెటివ్. బోర్డు మీద కూడా ఆ గుర్తు ఉంటుంది గానీ, రెండూ సరిపోలాయో లేదో తీసేముందే చూసుకోవాలి. డబ్బా అడుగున తెల్లటి లేదా గోధుమరంగు జిగురు పోసి ఉంటే దాన్ని బ్లేడుతో మెల్లగా కోసి వేరుచేయాలి. జిగురు పట్టి ఉంచిన సంగతి గమనించక, సోల్డర్ వదల్లేదనుకుని లాగితే బలమంతా ప్యాడ్ మీదకే పోతుంది. తర్వాత బోర్డు తిరగేసి ఏ రెండు ప్యాడ్‌లు మనవో మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. ఈ పరిమాణంలోని కెపాసిటర్‌కు కాళ్ల మధ్య దూరం సుమారు 5 మిల్లీమీటర్లు ఉంటుంది. పక్కనే అలాంటి జంటలు మరికొన్ని ఉండొచ్చు.

మొదటి పని సోల్డర్ తీయడం కాదు, కొత్త సోల్డర్ వేయడం. తొలిసారి వినేవాళ్లకు ఇది వింతగా ఉంటుంది గానీ, మొత్తం పనిలో దీనికి మించిన ఉపకారం లేదు. ఏళ్ల తరబడి వేడిలో ఉన్న సోల్డర్ పైపొర ఆక్సైడ్ పట్టి మొద్దుబారి ఉంటుంది, బిట్ ఆనించినా వేడిని లోపలికి తీసుకోదు. 2006 జులైలో యూరప్‌లో సీసంపై ఆంక్షలు అమల్లోకి వచ్చినప్పటి నుంచి టీవీల్లాంటి సరుకుల్లో సీసం లేని సోల్డర్‌దే రాజ్యం, కాబట్టి అది కరిగే వేడి కూడా ఎక్కువే. మన దగ్గర దొరికే 60/40 సోల్డర్ తీగను కొంచెం ఆ అతుకు మీద కరిగిస్తే అందులోని ఫ్లక్స్ ఆక్సైడ్‌ను శుభ్రం చేస్తుంది, సీసం కలవడంతో కరిగే వేడి తగ్గుతుంది, పెద్దదైన కరిగిన ముద్ద బిట్ నుంచి కాలికీ ప్యాడ్‌కూ వేడిని ఒక్కసారిగా చేరవేస్తుంది. అతుకు మొత్తం నిగనిగలాడుతూ కదిలినప్పుడు చెయ్యి తీసేయండి. ఈ దశలో కొంచెం రోజిన్ ఫ్లక్స్ రాస్తే ఇంకా మంచిది. నీటి గొట్టాల అతుకులకు వాడే ఆమ్లపు పేస్టు మాత్రం బోర్డు దరిదాపులకు రానివ్వకండి, అది తర్వాత రాగిని తినేస్తుంది.

కాలు కొస ప్యాడ్ మీదకు వంగి ఉందేమో చూడండి. ఫ్యాక్టరీలో కెపాసిటర్ పడిపోకుండా కాళ్లను వంచి సోల్డర్ చేస్తుంటారు. వంగిన కాలు రంధ్రంలోంచి నేరుగా రాలేదు, పైనుంచి లాగితే అది ప్యాడ్‌ను తోడు తీసుకుని వస్తుంది. సోల్డర్ కరిగి ఉండగా ట్వీజర్స్ కొసతో దాన్ని మెల్లగా నిటారుగా నిలబెట్టాలి. కరగకుండా మాత్రం వంచకూడదు.

ఇప్పుడు పంపు. మన దుకాణాల్లో సక్కర్ అనే పేరుతోనే అడుగుతారు. లోపల స్ప్రింగు, పిస్టన్ ఉంటాయి. మీట కిందికి నొక్కి బిగిస్తే స్ప్రింగు ముడుచుకుంటుంది, బటన్ నొక్కగానే పిస్టన్ వెనక్కి దూసుకుపోయి ముక్కులోంచి గాలినీ, దానితోపాటు కరిగిన సోల్డర్‌నూ లాక్కుంటుంది. ముక్కు వేడికి తట్టుకునే టెఫ్లాన్‌తో చేసి ఉంటుంది. పని మొదలుపెట్టేముందు పంపును పరీక్షించాలి. బిగించి, ముక్కును వేలితో గట్టిగా మూసి, బటన్ నొక్కండి. పిస్టన్ నెమ్మదిగా కదిలితే పంపు బిగువుగా ఉన్నట్టు. ఠక్కున పైకి వచ్చేస్తే ఎక్కడో గాలి దూరుతోంది. లోపల పేరుకున్న సోల్డర్ పొడి దులిపి, రబ్బరు రింగుకు కాస్త గ్రీజు రాయాలి. పంపు సరిగా పీల్చకపోతే ఒకే ప్యాడ్‌ను మళ్లీ మళ్లీ వేడి చేయాల్సి వస్తుంది, మొదట పోయేది ఆ ప్యాడే.

బోర్డును కదలకుండా నిలబెట్టి, ఒక పక్క నుంచి బిట్‌ను కాలికీ ప్యాడ్‌కూ కలిసే మూలలో ఆనించండి. ఆనించడమే, నొక్కడం కాదు. మరో పక్క నుంచి పంపు ముక్కును అతుకుకు ఆనీ ఆననట్టు పట్టుకోండి. రెండు సెకన్లలో సోల్డర్ మొత్తం కరుగుతుంది. అప్పుడు ముక్కును కాలి మీదకు దించి, బటన్ నొక్కి, బిట్టూ పంపూ రెండూ వెంటనే తీసేయండి. ఇక్కడ కొత్తవాళ్లు రెండు చోట్ల దెబ్బతింటారు. సోల్డర్ పైపై కరగగానే బటన్ నొక్కేస్తారు, రంధ్రంలో ఉన్నది అక్కడే గట్టిపడిపోతుంది. లేదా పంపును బరువుగా ప్యాడ్ మీద ఆన్చి ఉంచుతారు. బటన్ నొక్కినప్పుడు స్ప్రింగు తన్నుకు పంపు మొత్తం ఎగురుతుంది, దాని ముక్కు మెత్తబడి ఉన్న ప్యాడ్‌ను గుద్దుతుంది. పంపు పట్టిన చేతి మణికట్టును బల్లకు ఆన్చి ఉంచితే ఆ తన్ను చేతిలోనే ఆగిపోతుంది.

ఒకసారి పీల్చాక ఆగండి. పక్క కాలి పని చూసుకుని మళ్లీ మొదటిదానికి రావచ్చు, లేదా వేలికి చల్లగా తగిలేదాకా ఊరికే ఉండవచ్చు. వరుసగా నాలుగుసార్లు వేడి పెట్టడం వేరు, మధ్యలో చల్లారనిచ్చి నాలుగుసార్లు పెట్టడం వేరు. కొంచెం సోల్డర్ మిగిలిపోతే దాన్నే వెంటాడుతూ వేడి చేయకూడదు. పలచటి పొర బిట్ నుంచి వేడిని సరిగా అందుకోదు. మళ్లీ కొత్త సోల్డర్ వేసి, ముద్ద చేసి, ఒకేసారి పీల్చాలి. నమ్మబుద్ధి కాకపోయినా దగ్గరి దారి ఇదే.

ఇంతా చేశాక రంధ్రం చుట్టూ శుభ్రంగా కనిపిస్తుంది, కాలు మాత్రం కదలదు. బోర్డులు ఎక్కువగా పోయేది ఇక్కడే. కాలు రంధ్రంలో ఒక పక్కకు ఒరిగి ఉంటే అది రాగిని తాకిన చోట పలచటి సోల్డర్ పొర ఒకటి మిగిలిపోతుంది, కంటికి కనబడదు. ట్వీజర్స్‌తో కాలి కొసను చాలా మెల్లగా అటూ ఇటూ తోసి చూడండి. ప్యాడ్ నుంచి విడిపోయి ఉంటే కాలు రంధ్రంలో స్వేచ్ఛగా ఊగుతుంది. ఊగకపోతే తోయడం అక్కడే ఆపేయాలి. ఈ పలచటి పొరలను తీయడానికి వత్తి మంచి సాధనం.

వత్తి అంటే సన్నని రాగి తీగలను అల్లి, ఫ్లక్స్ పట్టించిన పట్టీ. దుకాణంలో విక్ అని అడిగితే ఇస్తారు. దీపపు వత్తి నూనెను పీల్చినట్టు ఆ తీగల సందుల్లోకి కరిగిన సోల్డర్ ఎక్కుతుంది. వెడల్పు ప్యాడ్‌కు దగ్గరగా ఉండాలి, మన కెపాసిటర్‌కు రెండు, రెండున్నర మిల్లీమీటర్ల పట్టీ చాలు. పట్టీని ప్యాడ్ మీద పరిచి, దాని మీద ఉలి బిట్‌ను చదునుగా ఆనించాలి. బిట్ కొస మీద ముందే ఒక చుక్క సోల్డర్ ఉంటే వేడి పట్టీలోకి త్వరగా దిగుతుంది. ఒకటి రెండు సెకన్లలో ఎర్రటి రాగి అల్లిక వెండిరంగుకు తిరుగుతూ కనిపిస్తుంది. ఆ రంగు పాకడం ఆగిందంటే ఆ ముక్క నిండిపోయింది. నిండిన భాగాన్ని కత్తిరించి కొత్త ముక్కతో రావాలి. పట్టీ పొడవుగా ఉంటే వేడి దాని వెంట పారిపోతుంది. రెండు సెంటీమీటర్ల ముక్కగా కత్తిరించి ట్వీజర్స్‌తో పట్టుకుంటే తక్కువ సేపట్లో పని జరుగుతుంది. పాతబడి మసకబారిన పట్టీ పీల్చదు, దానికి కాస్త ఫ్లక్స్ రాయాలి.

వత్తితో వచ్చే ముప్పు ఒకటే, కానీ పెద్దది. బిట్ ముందు తీసేసి పట్టీ తర్వాత తీద్దామంటే ఆ అర సెకనులో సోల్డర్ గట్టిపడి, పట్టీ ప్యాడ్‌కు అతుక్కుపోతుంది. దాన్ని లాగితే ప్యాడ్ దానితోనే వస్తుంది. బిట్టూ పట్టీ కలిసి, ఒకేసారి, నిలువుగా పైకి లేవాలి. అతుక్కుపోతే లాగకుండా దాని మీద మళ్లీ బిట్ పెట్టి కరిగించి తీయాలి. పట్టీని ప్యాడ్ మీద గుడ్డతో తుడిచినట్టు రుద్దే అలవాటు కూడా మానుకోవాలి. అల్లికలోని తీగ కొసలు ట్రాక్ పైపొరను గీరేస్తాయి, ప్యాడ్ అంచును పట్టి లేపుతాయి. రంధ్రంలో చాలా సోల్డర్ ఉన్నప్పుడు పంపు, ఉపరితలం మీద పలచగా మిగిలినప్పుడు వత్తి, ఇదే నా పద్ధతి. వత్తి ఒక్కదానితోనే నిండు రంధ్రాన్ని ఖాళీ చేయబోతే ప్యాడ్ మీద బిట్ ఉండాల్సిన సమయం రెట్టింపవుతుంది.

రెండు కాళ్లూ ఊగాక కెపాసిటర్ వేళ్లతో ఎత్తితేనే వస్తుంది. రాకపోతే దాన్ని బతికించే ప్రయత్నం వదిలేయండి. పాడైన భాగమే కదా, ఉంచుకోవాల్సింది బోర్డును. డబ్బా అడుగు నుంచి కట్టర్ దూరే జాగా ఉంటే కాళ్లు రెండూ కత్తిరించేయండి. అప్పుడు ఒక్కో కాలూ విడి తీగ. సోల్డర్ కరిగించి ట్వీజర్స్‌తో అందుకుంటే బలమే అక్కర్లేకుండా బయటకొస్తుంది. పది, పదహారు కాళ్ల ఐసీ తీసేటప్పుడు ఈ పద్ధతిని మొదటే ఎంచుకోవడం మేలు.

ఇదే కెపాసిటర్ కంప్యూటర్ మదర్‌బోర్డు మీద ఉంటే కథ మారుతుంది. అక్కడ బోర్డు గాజు నార, ఎపాక్సీతో చేసినది. రంధ్రం లోపలి గోడకు కూడా రాగి పూత ఉండి రెండు వైపుల ప్యాడ్‌లనూ కలుపుతుంది. ఆ పూత వల్ల ప్యాడ్ అంత తేలిగ్గా లేవదు, కానీ సోల్డర్ రంధ్రం నిండా ఉంటుంది. పైగా నెగెటివ్ కాలు లోపలి పొరల్లోని పెద్ద రాగి పరుపుకు కలిసి ఉంటుంది. అది బిట్ ఇచ్చిన వేడినంతా లాగేసుకుంటుంది, కాబట్టి పాజిటివ్ కాలు రెండు సెకన్లలో వదిలితే నెగెటివ్ కాలు ఎంతకీ కరగదు. అప్పుడు ఐరన్‌ను అక్కడే పట్టుకుని కూర్చోకూడదు. ఇంకా వెడల్పైన బిట్, ఎక్కువ వాట్ల ఐరన్ కావాలి, లేదా హాట్ ఎయిర్‌తో బోర్డు మొత్తాన్ని ముందుగా 100 డిగ్రీల దాకా సమంగా వేడెక్కించాలి. సోల్డర్ పూర్తిగా కరగకుండా కాలు లాగితే ఆ గోడ పూత గొట్టంలా కాలితోపాటు ఊడి వస్తుంది, లోపలి పొరలతో సంబంధం తెగిపోతుంది. రంధ్రం మూసుకుపోతే డ్రిల్లు పెట్టకూడదన్నది కూడా ఇందుకే. సోల్డర్ కరిగించి స్టెయిన్‌లెస్ స్టీలు సూదిని నిలువుగా దించి చల్లారనిస్తే చాలు, సోల్డర్ దానికి అంటుకోదు కాబట్టి తిప్పుతూ తీయవచ్చు.

మన టీవీ బోర్డుకు తిరిగి వస్తే, పాతది వచ్చాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ప్యాడ్‌లు తుడిచి భూతద్దంలో చూడండి. ప్యాడ్ అంచు కింద సన్నటి నీడ కనిపించినా, టూత్‌పిక్‌తో తాకితే ప్యాడ్ కదిలినా అతుకు వదిలినట్టే. ఊడి రాకుండా లేచి మాత్రమే ఉంటే పీకేయవద్దు. చల్లారాక వేలితో చదును చేసి, కొత్త కాలిని ఆ ప్యాడ్‌తో ఆపకుండా ట్రాక్ దాకా తీసుకుపోవాలి. ట్రాక్ మీది పచ్చ పూతను బ్లేడుతో నాలుగైదు మిల్లీమీటర్లు గీకి, మెరిసే రాగి కనిపించాక ఫ్లక్స్ రాసి, కాలిని వంచి దాని మీద పడుకోబెట్టి సోల్డర్ చేస్తే ఒత్తిడి ప్యాడ్ మీద కాక ట్రాక్ పొడవునా పడుతుంది. ప్యాడ్ పూర్తిగా పోతే అదే ట్రాక్‌లో తర్వాతి అతుకు దాకా సన్నని ఇన్సులేటెడ్ తీగ వేయాలి. ప్యాడ్ బాగానే ఉన్నట్టు కనిపించినా మల్టీమీటర్‌ను బీప్ మోడ్‌లో పెట్టి, ఒక ప్రోబ్ ప్యాడ్ మీద, మరొకటి ఆ ట్రాక్ చేరే తర్వాతి భాగం కాలి మీద ఉంచి చూడండి. ట్రాక్ సరిగ్గా ప్యాడ్‌తో కలిసే మెడ దగ్గర వెంట్రుకవాసి పగులు ఉంటే కంటికి దొరక్కపోయినా మీటరుకు దొరుకుతుంది.

కొత్త కెపాసిటర్ మైక్రోఫారడ్‌లలో పాతదానితో సమానంగా, వోల్టులలో సమానంగా లేదా ఎక్కువగా, 105 డిగ్రీల రకానిదై ఉండాలి. పవర్ బోర్డు పని కాబట్టి ఈఎస్ఆర్ తక్కువ ఉన్నదే అడగండి. చార వైపు నెగెటివ్ అని ఫోటోతో సరిచూసి, కాళ్లు దూర్చి, ఒక్కో కాలికి రెండు మూడు సెకన్లలో సోల్డర్ వేసి, మిగిలిన కొసలు కత్తిరించండి. బోర్డును టీవీలో బిగించి, మూత వేయకముందే దూరంగా నిలబడి స్విచ్ వేయండి. పవర్ బోర్డు కనెక్టర్ దగ్గర 12 వోల్టులు అని ముద్రించి ఉన్న పిన్నుకూ గ్రౌండుకూ మధ్య మల్టీమీటర్ పెట్టండి. లోపలికి కరెంటు వచ్చే వైపు భాగాలకు ప్రోబ్ గానీ, చెయ్యి గానీ తగలనివ్వకండి. అంకె 12 దగ్గర నిలకడగా ఉంటే మూత వేసి స్క్రూలు బిగించవచ్చు. ఊగుతూ ఉంటే ప్లగ్ తీసి, పెద్ద కెపాసిటర్ చార్జ్ మళ్లీ దించి, ఆ రెండు అతుకులనూ, వాటి పక్కనున్న మిగతా కెపాసిటర్లనూ చూడాలి. ఒకటి ఉబ్బిన చోట పక్కది ఉబ్బకుండానే ఎండిపోయి ఉండటం తరచూ కనిపిస్తుంది.